లాక్-ఇన్ లెక్కల గురించి మిత్రుడికి

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం అందింది. విశాఖలో కో-వర్కింగ్ ఆఫీసులో తీసుకున్న సీట్లను గడువుకు ముందే వదిలేయాలనుకుంటున్నావని, కనీసం ఇన్ని నెలలు ఉండి తీరాలన్న లాక్-ఇన్ మాట వినగానే గుండె జారిపోయిందని రాశావు. మొన్న అక్టోబరులో మాదాపూర్‌లో మేమూ ఇదే గండం దాటాము కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పది సీట్ల గది. సీటుకు 8,500 చొప్పున నెలకు 85,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. మూడు నెలల డిపాజిట్ కింద 2,55,000 కట్టాము. లాక్-ఇన్ పన్నెండు నెలలు, నోటీసు రెండు నెలలు. పెద్ద క్లయింటు ఒకరు వెళ్లిపోవడంతో ఏడో నెల చివరికే ఖాళీ చేయవలసి వచ్చింది. మేనేజరు పంపిన లెక్కలో మిగిలిన ఐదు నెలల అద్దెతో పాటు నోటీసు కాలానికి మరో రెండు నెలలు కూడా ఉన్నాయి. అంతా కలిపి 5,95,000. డిపాజిట్ పోగా ఇంకా 3,40,000 మేమే కట్టాలట! ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అగ్రిమెంటు తీసి, నోటీసు పేరాను నాలుగు సార్లు చదివాను. లాక్-ఇన్ ముగిశాకే నోటీసు ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. మేము సెప్టెంబరు ఒకటిన ఈమెయిల్‌లో నోటీసు ఇచ్చి, అక్టోబరు ముప్ఫై ఒకటి వరకు అద్దె కట్టాము కాబట్టి ఆ రెండు నెలలూ అప్పటికే తీరిపోయాయి. ఆ ఒక్క వాక్యాన్ని ఎత్తి రాసి పంపితే 1,70,000 తగ్గింది. నీ అగ్రిమెంటులో «లాక్-ఇన్ తర్వాత» అన్న మాట ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు.

ఇక మిగిలింది ఐదు నెలల సొమ్ము, 4,25,000. ఇక్కడే అసలు బేరం. అక్టోబరు మొదటి వారంలో వాళ్ల సేల్స్ అబ్బాయి ఇద్దరు కొత్తవాళ్లను మా గదికి తీసుకొచ్చి, మేము కూర్చుని ఉండగానే టేపుతో గోడ కొలిపించాడు. నేను ఆ తేదీ రాసి పెట్టుకున్నాను. మన కాంట్రాక్టు చట్టం, అంటే 1872 నాటి చట్టంలోని 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తం పరిహారానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ పరిమితికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నవంబరు నుంచే ఆ గది వేరొకరికి వెళితే, వాళ్లకు ఐదు నెలల నష్టం ఎక్కడిది? ఇదే మాట మర్యాదగా రాశాను. అయితే ఈ సెక్షను ఉంది కదా అని కోర్టుకెక్కే ఆలోచన నాకు లేదు. ఇంత సొమ్ముకు ఏళ్ల తరబడి తిరగలేము, పైగా మధ్యవర్తిత్వం బెంగళూరులో జరగాలని అగ్రిమెంటులో ఉంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అందుకే నేను «చట్టం» అన్న మాట ఒక్కసారే వాడాను.

వాళ్లు నాలుగు నెలలన్నారు, నేను ఒకటన్నాను, చివరికి రెండు నెలల దగ్గర తెగింది. 1,70,000 మీద జీఎస్టీ 30,600 పడింది. గడువుకు ముందే వెళ్లనిచ్చినందుకు తీసుకునే సొమ్ముపై పన్ను వేస్తారు మరి. సరైన ఇన్‌వాయిస్ అడిగి తీసుకున్నాను కాబట్టి అది క్రెడిట్ రూపంలో మాకు తిరిగి వస్తుంది. డిపాజిట్‌లో ఇవి పోగా 54,400 మిగిలింది.

ఒక తప్పు చేయబోయి ఆగాను, నువ్వూ చేయకు. డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంది కదా, చివరి నెల అద్దె అందులోంచి తీసుకోమందామనుకున్నాను. మా అకౌంటెంటు నా చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశాడు. అద్దె ఆపితే మనమే బాకీదారులమై ఆలస్యపు వడ్డీ పడుతుంది, బేరంలో మాట నెగ్గదు.

ఒప్పుకున్నదంతా మేనేజరు చేత ఈమెయిల్‌లో రాయించాను: ఎంత కోత, ఏ తేదీకి వాపసు, ఇక ఏ బాకీ లేదన్న మాట. ఖాళీ చేసిన రోజు కుర్చీలు, బల్లలు, గోడలు ఫోటోలు తీసి, యాక్సెస్ కార్డులు లెక్కపెట్టి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకున్నాను. అయినా రెండు వారాల తర్వాత పెయింటింగ్ పేరుతో 15,000 కోస్తామన్నారు. ఫోటోలూ, ఆ ఈమెయిలూ కలిపి పంపగానే ఆ మాట మానేశారు. డబ్బు చెప్పిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యంగా పడింది.

నీ కంపెనీ జీఎస్టీ రిజిస్ట్రేషను అదే చిరునామాతో ఉంటే, కొత్త చోటు చూసుకుని ఆ మార్పు పదిహేను రోజుల్లో నమోదు చేయించు. ముందుగా నీ అగ్రిమెంటులోని నోటీసు పేరా ఫోటో తీసి పంపు. చూశాక ఆదివారం ఫోన్ చేస్తాను.

నీ
మురళి