కబడ్డీ ఫైనల్లో మైకుకూ ఒక క్రమం ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను పాతికేళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా వైపు సంక్రాంతి వచ్చిందంటే ఊరికో కబడ్డీ పోటీ. కొన్నిచోట్ల అంపైరుగా నిలబడతాను, కొన్నిచోట్ల మైకు పట్టుకుంటాను. రెండు పనులూ చేసినవాణ్ణి కాబట్టి ఈ విషయం మీ పత్రిక ద్వారా నిర్వాహకుల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

మొన్నటి సంక్రాంతికి ఒక ఊళ్ళో ఫైనల్‌కు నేను అంపైరుని. ఆట ఇంకా రెండు నిమిషాలే ఉంది, తేడా ఒక్క పాయింటు. వెనకబడ్డ జట్టు కుర్రాడు కూతకు వెళ్ళాడు. లోపల మూలన ఉన్న డిఫెండరు మీదికి వంగేసరికి అతని కూత తెగింది. రిఫరీ వెంటనే విజిల్ వేశాడు. సరిగ్గా అప్పుడే మైకులో దాతల పేర్లు చదువుతున్నారు. రెండు హారన్లు కోర్టు వైపే తిప్పి కట్టారు. విజిల్ ఆ కుర్రాడికి వినపడలేదు. డిఫెండరుని తాకి, నడిగీత దాటి, చేతులెత్తి గంతులేశాడు. చీటీ మీంచి తలెత్తిన కామెంటేటరు ఆ గంతు మాత్రమే చూసి, "పాయింటు! స్కోరు సమం!" అని అరిచాడు. నిజానికి కూత తెగితే రైడరే అవుట్, పాయింటు అవతలి జట్టుకి. సమం కావలసింది కాదు, తేడా రెండైంది. ఆ మాట రిఫరీ చెప్పేసరికి జనం కోర్టులోకి వచ్చేశారు. ఆట మళ్ళీ మొదలవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి ఆ కుర్రాళ్ళ ఒళ్ళు చల్లబడిపోయింది, ఆటలో పట్టు పోయింది.

ఆ కామెంటేటరుని నేను తప్పు పట్టను. మంచి గొంతు, ఆట తెలిసినవాడే. కానీ అతని చేతిలో ఉన్నవన్నీ దాతల చీటీలే, స్క్రిప్టు లేదు. ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ అతనితో కూర్చుని అనుకోలేదు.

కబడ్డీలో మాటకు దొరికే సమయం చాలా తక్కువ. ఒక కూతకు 30 సెకన్లు. అది ముగిశాక అవతలి జట్టు 5 సెకన్లలో తన రైడర్ని పంపాలి. క్రికెట్‌లో లాగా బంతికీ బంతికీ మధ్య తీరిక ఉండదు. నేను గడియారం పెట్టుకుని చూసుకున్నాను, స్పష్టంగా మాట్లాడితే 5 సెకన్లలో పది మాటలు పడతాయి. దాత పేరు, ఇంటిపేరు, ఊరు, ఇచ్చిన మొత్తం, ఎవరి జ్ఞాపకార్థమో చెప్పడానికి ఇరవై మాటలు కావాలి. అంటే ఒక్క చీటీ చదివినా తర్వాతి కూతలోకి ఐదు సెకన్లు వెళ్ళిపోతుంది. చీటీలు చదవడానికి చోటు లేకపోలేదు. ఒక్కో జట్టుకి సగానికి రెండేసి టైమౌట్లు, ఒక్కోటి 30 సెకన్లు. సగం ఆట తర్వాత 5 నిమిషాల విరామం. టైమౌటుకి ఒక చీటీ, విరామంలో రెండు నిమిషాల పాటు మిగతావన్నీ. ఇలా అనుకుంటే ఏ దాతకీ లోటు జరగదు. పైగా ఆట ఆగినప్పుడు చదివితే ఆ పేరు జనం చెవిన పడుతుంది. కూత మధ్యలో చదివిన పేరు ఆ దాత ఇంట్లోవాళ్ళకి కూడా వినపడదు.

ఇక స్క్రిప్టు అంటే రాసుకుని చదివే వ్యాసం కాదు. నా దగ్గర ఉండేవి మూడు అట్ట ముక్కలు. ఒకదాని మీద రెండు జట్ల ఆటగాళ్ళు, బనీను నంబరు, పేరు, ఏ వైపు ఆడతాడో. పేర్లు ఎలా పలకాలో ఆటకు ముందే కెప్టెన్లని అడిగి రాసుకుంటాను. రెండోదాని మీద ప్రారంభం, విరామం, ముగింపుల్లో చెప్పవలసినవి. ప్రారంభం నిమిషంన్నర దాటనివ్వను. మూడోదే ముఖ్యం. దాని మీద ఒక కూతని మూడు ముక్కలుగా కోసి రాసుకుంటాను.

మొదటి ముక్క, రైడరు నడిగీత దాటి నాలుగైదు అడుగులు వేసే లోపు. అతని పేరు, ఎదురుగా ఎంతమంది ఉన్నారు, ఇది ఎన్నో కూత. "ఏడో నంబరు. లోపల ఆరుగురు. బోనస్ ఉంది." అంతే. ఆరుగురు లేదా ఏడుగురు ఉంటేనే బోనస్ గీతకు పాయింటు వస్తుందని చాలామంది పెద్దవాళ్ళకి కూడా గుర్తుండదు, కాబట్టి ఆ సంఖ్య ప్రతిసారీ చెప్పాలి.

రెండో ముక్క, రైడరు లోపల తిరిగే సమయం. ఇక్కడ మైకు నోటికి దూరంగా ఉండాలి. "కబడ్డీ కబడ్డీ" అనే కూత రిఫరీకి స్పష్టంగా వినపడాలని నిబంధన. తెగిందా లేదా అని ఆయన చెవితోనే తేల్చాలి. మనం మైకులో అరుస్తుంటే ఆయన తీర్పుని మనమే పాడు చేసినట్టు. చూసేవాళ్ళకి కూడా ఆ కూత వినపడితేనే ఊపిరి బిగపట్టడం అంటే ఏమిటో తెలుస్తుంది. నేను ముందు వరసలో పిల్లల్ని చాలాసార్లు గమనించాను. మైకు ఆగి కూత ఒక్కటే వినపడుతున్నప్పుడు వాళ్ళు నోట్లో పెట్టుకున్న వేరుశనగ కాయ కూడా నమలరు.

మూడో ముక్క ఫలితం. ఇక్కడ మన తెలుగు వాక్యం ఒక ఇబ్బంది పెడుతుంది. క్రియ చివర వస్తుంది. "ఎడమ కార్నర్లో ఉన్న నాలుగో నంబరు ఆటగాడు రైడరు చీలమండని గట్టిగా పట్టుకుని కదలకుండా..." అంటూ ఉండగానే రైడరు విడిపించుకుని నడిగీత మీద చెయ్యి వేసేస్తాడు. అందుకే క్రియని ముందుకు లాగాలి. "పట్టాడు! ఎడమ కార్నర్! చీలమండ!" రైడరు విడిపించుకుంటే "జారాడు!" అని ఒక్క మాట సరిపోతుంది. చెప్పింది వెనక్కి తీసుకోవలసిన పని ఉండదు. తర్వాత రెండు సెకన్లు జనానికి వదిలెయ్యాలి, కేక వాళ్ళది. ఆ రెండు సెకన్లలో మన కళ్ళు రిఫరీ చేతి మీద ఉండాలి. ఆయన సైగ చేశాకే పాయింటు, తర్వాత మొత్తం స్కోరు. ఈలోగా అవతలి రైడరు వచ్చేస్తాడు, పరవాలేదు. పెద్ద పట్టు పడితే తర్వాతి కూతలో రైడరు పేరు మాత్రం చెప్పి ఊరుకోవచ్చు.

ఫైనల్ చివరి మూడు నిమిషాల్లో ఇది ఎంత పనికొస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. నీలం జట్టు 28, ఎర్ర జట్టు 26. నీలం జట్టులో లోపల మిగిలింది ముగ్గురే. ఎర్ర జట్టు వరసగా రెండు కూతలు ఖాళీగా వచ్చింది, ఇది మూడోది. ఈసారి పాయింటు తేకపోతే రైడరే అవుట్, 29-26. ఒకర్ని తాకి వస్తే 28-27. ముగ్గురో అంతకంటే తక్కువమందో ఉండి పట్టుకుంటే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు, 30-26. రైడరు ముగ్గుర్నీ తాకి వచ్చాడంటే మూడు పాయింట్లు, ఆలౌట్‌కి మరో రెండు, ఎర్ర జట్టు 31-28తో పైకెక్కుతుంది. ఇవన్నీ వివరించే టైము లేదు. "ఎర్ర జట్టుకి మూడో కూత. లోపల ముగ్గురే. పడితే రెండు పాయింట్లు." పది మాటలైనా లేవు. కానీ ఇవి చెప్పి ఊరుకుంటే మైదానం మొత్తం ఆ టెన్షన్ అర్థం చేసుకుంటుంది. కామెంటేటరు "ఉత్కంఠ, ఉత్కంఠ" అని పదిసార్లు అన్నా అది రాదు.

ఊతపదాల గురించి కూడా చెప్పాలి. అవి వద్దని నేననను, నలభై నిమిషాల ఆటలో ఊపిరి తీసుకోవడానికి అవి కావాలి. కానీ మొదటి ఐదు నిమిషాల్లోనే "నువ్వా నేనా అన్నట్టుగా", "అద్భుతం, అమోఘం" అయిపోతే చివర్లో నిజంగా అద్భుతం జరిగినప్పుడు మాట ఉండదు. నేను అలాంటివి నాలుగు మాత్రం రాసుకుని చివరి ఐదు నిమిషాలకి దాచిపెడతాను. అప్పటిదాకా ఖాళీ పూరించడానికి విషయం ఉన్న మాటలే వాడతాను. "లోపల ఐదుగురు", "బయట ఇద్దరు కూర్చున్నారు", "ఈ సగంలో ఇంకా ఒక టైమౌట్ ఉంది", "రెండు ఖాళీ కూతలు". వీటిలో ప్రతిదీ ఎక్కడ తుంచినా అర్థం పోదు. "ఇప్పుడు మనం గమనించినట్లయితే" లాంటి మాట మొదలుపెడితే పూర్తి చెయ్యక తప్పదు, ఆ లోపు పాయింటు అయిపోతుంది. గొంతు విషయమూ అంతే. మొదటి సగమంతా మామూలుగా మాట్లాడినవాడికే చివర్లో గొంతు పెంచడానికి చోటుంటుంది.

టీవీలో ప్రో కబడ్డీ వచ్చాక మన కుర్రాళ్ళు ఆ వేగాన్ని అనుకరిస్తున్నారు. అక్కడ రీప్లే ఉంటుంది, తెర మీద స్కోరు ఉంటుంది, కాబట్టి ఇద్దరు కబుర్లు చెప్పుకున్నా నడుస్తుంది. మన మైదానంలో నాలుగో వరస వెనక నిలబడ్డవాడికి స్కోరుబోర్డు కూడా కనపడదు. అతనికి కావలసింది స్కోరు, లోపల ఎంతమంది, ఎంత టైముంది. ఈ మూడూ రెండు మూడు కూతలకొకసారి చెవిన పడాలి.

నిర్వాహకులకి నా విన్నపం పెద్దది కాదు. హారన్లు కోర్టు వైపు కాకుండా జనం వైపు తిప్పి కట్టించండి. కామెంటేటరు బల్ల నడిగీతకి ఎదురుగా, స్కోరరు పక్కనే వెయ్యండి, పుస్తకం చూసి చెప్పే వీలుంటుంది. స్టేజీ మీద అతిథుల మధ్య కూర్చోబెడితే ప్రతి నిమిషం ఎవరో ఒకరు చీటీ అందిస్తూనే ఉంటారు. చీటీలన్నీ కమిటీలో ఒక్కరి దగ్గరే ఉంచి, టైమౌట్ విజిల్ పడ్డాకే మైకు దగ్గరికి పంపండి. ఫైనల్‌కి పావుగంట ముందు రిఫరీ, కామెంటేటరు ఒకసారి కూర్చోవాలి. చేతి సైగలు, మూడో కూత నిబంధన ఉందా లేదా, స్కోరు సమమైతే ఏం చేస్తారు, ఈ మూడూ మాట్లాడుకుంటే చాలు.

పోటీల కరపత్రాలు డిసెంబరులో అచ్చుకి వెళ్తాయి. జిల్లా కబడ్డీ సంఘాలు నిబంధనల పేజీలో "కూత నడుస్తుండగా మైకులో ప్రకటనలు చదవరాదు" అనే ఒక్క వాక్యం చేర్చమని కమిటీలకి ఇప్పుడే చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా