అమ్మేటప్పుడు పది గ్రాములు, కొనేటప్పుడు పదకొండున్నర దాటిన తులం గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ విజయవాడ శాఖలో పాత బంగారానికి కట్టిన ధర, ఆ తర్వాత మీవాళ్లు పాటించిన మౌనం.

అయ్యా,

నా ఫిర్యాదుకు ఇదివరకు మీ నుంచి వచ్చిన జవాబు ఒక్కటే: ‘మీ సందేశం మాకు ఎంతో విలువైనది’. దాని విలువ ఎంతో నేనే లెక్కగట్టి చెబుతున్నాను. అక్షరాలా 51,390 రూపాయలు.

మా అమ్మగారి అయిదు కాసుల గొలుసు అమ్మడానికి మీ దుకాణానికి వచ్చాను. మీ త్రాసు మీద 40.000 గ్రాములు తూగింది. మీ యంత్రమే 916 అని చూపింది, తరుగు కింద ఏమీ తీయలేదు. పాత బంగారానికి తులం 90,000 ఇస్తామని ఆ ఉదయం మీరే నా ఫోనుకు సందేశం పంపారు. మీ గోడ మీది పలకలో 22 క్యారట్ల ధర గ్రాముకు 9,000 అని ఉంది. రెండూ సరిపోయాయి కాబట్టి నలభై గ్రాములకు 3,60,000 రావాలి. బిల్లు మీద 3,08,610 అని ఉంది.

బిల్లులో ఒక వరుసలో చిన్న అక్షరాలతో ‘తులాలు 3.429’ అని ఉంది. నలభైని 11.664తో భాగిస్తే వచ్చే అంకె అది. పాత కాలపు తులం అంత బరువున్న మాట నిజమే, నేను కాదనను. కానీ అదే గదిలో, అదే గాజు పెట్టెలో ‘తులం గొలుసు’ అని చీటీ కట్టిన వస్తువు బరువు 10.000 గ్రాములు. మీరు అమ్మేటప్పుడు పది, నా దగ్గర కొనేటప్పుడు పదకొండున్నర పైచిలుకు! ఆ లెక్కన నా గొలుసుకు గ్రాముకు దక్కింది దాదాపు 7,715 రూపాయలు. ఈ మాట అక్కడికక్కడే అడిగితే, కౌంటరులోని అబ్బాయి కంప్యూటరు వైపు చూసి, ‘లెక్క ప్రధాన కార్యాలయానిది మేడం’ అన్నాడు.

ప్రధాన కార్యాలయానికి ఫోను చేశాను. మొదట మాట్లాడినామె నా ఊరు అడిగారు, తర్వాత బిల్లు నంబరు అడిగారు, మళ్లీ ఊరు అడిగారు, పాట వినిపించి మాయమయ్యారు. తర్వాతి ఆయన విషయాన్ని కాసు మీదికి మళ్లించారు. ఇంగ్లండు సవరన్ నాణెం 7.988 గ్రాములే కాబట్టి అయిదు కాసులంటే నలభై గ్రాములు కావట! మన బజారులో కాసంటే నికరంగా ఎనిమిది గ్రాములని పక్కన పెట్టినా, ఆయన చెప్పిన తేడా మొత్తం 0.06 గ్రాము, అంటే 540 రూపాయలు. మిగతా యాభై వేల సంగతి అడిగితే ‘పైవాళ్లకు పంపిస్తాను’ అన్నారు. ఆ పైవాళ్లు ఎంత పైన ఉంటారో గాని, ఇంతవరకు కిందికి దిగలేదు.

అందరికంటే ఘనుడు మీ ‘సీనియర్ అధికారి’. అంతర్జాతీయ ధర ఔన్సుల్లో వస్తుందని, ఔన్సు 28.35 గ్రాములని, అందువల్ల ఈ ధర సరైనదేనని నాకు పాఠం చెప్పారు. అయ్యా, 28.35 గ్రాముల ఔన్సు మామూలు సరుకులు తూచేది. బంగారం ధర చెప్పే ట్రాయ్ ఔన్సు 31.1035 గ్రాములు. పైగా ఆ ధర 24 క్యారట్ల మేలిమికి, నా గొలుసు 22. ఇంకో విశేషం: ఔన్సు ధరను 31.1035కు బదులు 28.35తో భాగిస్తే గ్రాము ధర దాదాపు పది శాతం పెరుగుతుంది. ఆయన లెక్కే నిజమైతే మీరు నాకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి! ఈ మాట చెప్పగానే ఫోను కట్ అయింది. తిరిగి చేస్తే, ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరన్నారు.

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల పెళ్లి నగలు మీ దగ్గరే చేయించాం. అక్షయ తృతీయకు శుభాకాంక్షలు పంపడానికి నా నంబరు మీకు చక్కగా దొరుకుతుంది. ఫిర్యాదుకు జవాబివ్వడానికి మాత్రం దొరకదు. గొలుసు తిరిగి ఇమ్మంటే అప్పటికే కరిగించేశామన్నారు. నగలు కరిగించడంలో ఉన్న చురుకు ఫోను ఎత్తడంలో ఉంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

తులంలో ధర చెప్పడమే చట్టానికి విరుద్ధమని మీ న్యాయవాదిని అడిగితే చెబుతారు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ధర ప్రామాణిక కొలతల్లోనే, అంటే గ్రాముల్లోనే ప్రకటించాలి. మీ సందేశం నా ఫోనులో ఉంది. బిల్లు, తూకం చీటీ, ‘తులం గొలుసు’ చీటీ ఫొటో కూడా నా దగ్గర ఉన్నాయి.

తక్కువ ఇచ్చిన 51,390 రూపాయలు నా ఖాతాలో వేయండి. దాంతో పాటు, పేరున్న మనిషి ఎవరైనా సంతకం పెట్టిన జవాబు పంపండి. పదిహేను రోజుల్లో ఇవి రాకపోతే మొదట జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు, ఆ తర్వాత తూనికలు, కొలతల శాఖకు, చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అక్కడ నేను అడిగేది ఈ సొమ్ముతో ఆగదు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారురాలు,
విజయవాడ