మా అమ్మ పదిన్నర స్లాటు గురించి: మీ యాప్ కస్టమర్ కేర్‌కు నాలుగో ఉత్తరం

అయ్యా,

ఇంతకు ముందు మూడు మెయిళ్ళు పెట్టాను. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, "మీ సమస్య మాకు చాలా ముఖ్యం" అని. మూడోసారి ఆ జవాబు వచ్చిన పది నిమిషాలకే ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ కూడా వచ్చింది. నాతో ఒక్కరు కూడా మాట్లాడకుండా ఏం పరిష్కరించారో నాకు తెలియాలి.

అమ్మకు 66 ఏళ్ళు. నెల రోజులుగా రాత్రిళ్ళు కుడిచేయి తిమ్మిరెక్కి లేచి కూర్చుంటోంది. తమ్ముడు ఫోన్లో వెతికి పక్షవాతం అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ టెన్షన్‌లోనే మీ యాప్‌లో నరాల డాక్టరు దగ్గర ఉదయం పదిన్నర స్లాటు బుక్ చేశాను. మేం పది గంటలకే వెళ్ళాం. రిసెప్షన్లో అమ్మాయి స్క్రీన్ చూసి, "యాప్ లిస్టు మాకింకా రాలేదండీ, టోకెన్ తీసుకోండి" అంది. మాకు 41వ నంబరు ఇచ్చింది. మీకు ఫోన్ చేస్తే హాస్పిటల్ వాళ్ళను అడగమన్నారు. వాళ్ళను అడిగితే యాప్ వాళ్ళను అడగమన్నారు. అలా అయిదుసార్లు తిరిగాను. అయిదో కాల్లో మీ అబ్బాయి, "మేడం, మీ స్లాటు కన్ఫర్మ్ అయింది కదా, ఇంక ప్రాబ్లం ఏముంది?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

సంగతి ఏమిటో చివరికి కాంపౌండరు చెప్పాడు. పది నుంచి ఒంటిగంట వరకు మీరు పావుగంటకో స్లాటు పెట్టి, ఒక్కో స్లాటులో ముగ్గురిని వేశారు. అంటే 36 మంది. నేరుగా వచ్చి టోకెన్ తీసుకున్నవాళ్ళు ఇంకో 20 మంది. మనిషికి ఆరు నిమిషాలు వేసుకున్నా అయిదున్నర గంటలు పడుతుంది. పైగా డాక్టరు గారు వార్డు రౌండ్లు ముగించుకుని వచ్చేసరికే పదకొండుంపావు. మూడు గంటల్లో చూడగలిగేది 30 మందిని. ఈ లెక్క మీకు తెలియదంటే నేను నమ్మను.

ఆ హాల్లో కూర్చున్నవాళ్ళు మాత్రం మంచివాళ్ళు. ఎదురు బెంచీ మీది పెద్దాయన, "గడ్డం గీసుకుని వచ్చానమ్మా, లోపలికెళ్ళేసరికి మళ్ళీ పెరిగేట్టుంది" అన్నారు. పక్కనున్న కుర్రాడికి కనురెప్ప అదురుతోందట. రాత్రంతా ఫోన్లో వెతికి పేరు నోరు తిరగని జబ్బులు మూడు కాగితం మీద రాసుకొచ్చాడు. పెద్దాయన ఆ కాగితం చూసి, "ఫోను డాక్టరు ఫీజు తీసుకోడు బాబూ, నిద్ర తీసుకుంటాడు" అంటే ఆ కుర్రాడే ముందు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నెల రోజుల్లో నేను చూసిన మొదటి నవ్వు అది.

మమ్మల్ని రెండుంబావుకు పిలిచారు. డాక్టరు గారు అమ్మను మొదట ఒకటే అడిగారు, "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుందా?" అని. లేదు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. రెండు చేతుల వెనకభాగాలూ ఆనించి, మణికట్లు వంచి నిమిషం పట్టుకోమన్నారు. నిమిషం నిండకముందే జివ్వుమంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందట. పక్షవాతం కాదు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు. హఠాత్తుగా నోరు వంకరపోయినా, మాట తడబడినా, ఒకవైపు కాలూ చెయ్యీ పట్టు తప్పినా మాత్రం ఓపీలో కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి రావాలని తమ్ముడికి కూడా చెప్పమన్నారు. ఇదంతా ఏడు నిమిషాల్లో అయింది. ఆ ఏడు నిమిషాల కోసం మా అమ్మ నాలుగు గంటలకు పైగా ఇనప కుర్చీలో కూర్చుంది.

నాలుగేళ్ళుగా మీ యాప్ వాడుతున్నాను. మా వీధిలో ఆరిళ్ళ వాళ్ళకు నేనే దగ్గరుండి ఫోన్లో ఎక్కించాను. వాళ్ళకిప్పుడు నేనేం చెప్పాలి?

బుకింగ్ ఫీజు వెనక్కి ఇస్తే సంతోషమే, కానీ నేను ఇంతగా రాస్తున్నది అందుకు కాదు. ఒకే స్లాటులో ఎంతమందిని వేస్తున్నారో బుక్ చేసేటప్పుడే చూపించండి. డాక్టరు ఆలస్యమైతే ఇంటి దగ్గరుండగానే మెసేజ్ పెట్టండి. ఈ శుక్రవారం లోపు ఒక మనిషి నాతో మాట్లాడకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. దానికి లాయరు అక్కర్లేదని కనుక్కున్నాను.

ఫోన్ మాత్రం సాయంత్రం 5 దాటాక చేయండి. పగలు స్కూల్లో పాఠం చెబుతుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమరు