కరెంటు పోతే ఆగిన ఫ్రేములు మళ్లీ రెండర్ కావడం లేదు: ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా స్టూడియోలో మీరు పెట్టిన రెండర్ ఫార్మ్‌లోని లోపం సరిచేయడం గురించి

నమస్కారమండీ.

గాజువాకలోని మా యానిమేషన్ స్టూడియోకి మీ సంస్థ నాలుగు మెషీన్ల రెండర్ ఫార్మ్ పెట్టి ఇచ్చింది. మధ్యలో ఆగిన ఫ్రేములు వాటంతటవే మళ్లీ రెండర్ అవుతాయని కొటేషన్‌లో రాశారు. అలా జరగడం లేదు.

నాలుగు మెషీన్లూ ఒకే బ్లెండర్ ఫైలు తెరిచి, సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లోకి రెండర్ చేస్తాయి. ఆ బ్లెండర్ ఫైలు సెట్టింగుల్లో `Placeholders` ఆన్, `Overwrite` ఆఫ్ పెట్టారు. ఒక మెషీన్ ఫ్రేము మొదలుపెట్టగానే ఆ పేరుతో ఖాళీ ఫైలు పడుతుంది. అది చూసి మిగతావి తర్వాతి ఫ్రేముకు వెళ్లిపోతాయి. చిన్న ఫార్మ్‌లో పని పంచడానికి ఇది మంచి పద్ధతే. చిక్కంతా మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడే.

240 ఫ్రేముల షాట్ రాత్రి రెండర్‌కి పెట్టాం. మెషీన్లు 97 నుంచి 100 వరకు ఫ్రేములు చేస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక అవి 101 నుంచి అందుకున్నాయి. ఆ నాలుగు ఫైళ్లు మాత్రం సున్నా బైట్లతో అలాగే ఉండిపోయాయి. ఎన్ని ఫ్రేములు పూర్తయ్యాయో చూపించే మీ స్క్రీన్ ఫైళ్ల పేర్లే లెక్కపెడుతుంది కాబట్టి 240కి 240 పూర్తయ్యాయని చూపించింది. సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో నాలుగు పోతే సెకనులో ఆరో వంతు. నడుస్తున్న పాప కాలు ఒక్కసారిగా ముందుకు గెంతింది. ఆ సంగతి క్లయింట్ చూసి చెప్పాల్సి వచ్చింది.

"మళ్లీ రన్ చేయండి" అన్నారు మీ ఇంజనీరు గారు. ఎన్నిసార్లు చేసినా ఫైలు ఉందనుకుని ఆ ఫ్రేములను వదిలేస్తుంది. డెమోలో ఆయన Ctrl+C నొక్కి ఆపారు. అలా ఆపితే బ్లెండరే ఖాళీ ఫైలును తీసేస్తుంది, అందుకే ఆ రోజు అంతా బాగానే కనిపించింది. కరెంటు పోయినా, మెమరీ చాలక ప్రోగ్రాం చచ్చిపోయినా దానికి ఆ అవకాశం ఉండదు. కరెంటు మా సమస్య అన్న మీ జవాబు అందుకే ఒప్పుకోలేకపోతున్నాం.

ప్రస్తుతం మేమే ఇలా వెతుకుతున్నాం:

```
find /mnt/render/shot07 -name '*.png' -size 0 -mmin +60
```

మా ఫ్రేము ఏదీ 20 నిమిషాలు దాటదు కాబట్టి, గంట దాటినా ఖాళీగా ఉన్న ఫైలు ఆగిపోయినదే. ఈ గడువు పెట్టకపోతే ఇప్పుడు రెండర్ అవుతున్న వాటిని కూడా తీసేస్తాం. దొరికినవి తీసేశాక ఆ ఫ్రేములే మళ్లీ చేస్తున్నాం:

```
blender -b shot07.blend -f 97..100
```

ఈ పని ఫార్మే చేసుకోవాలి. ఫైలు పరిమాణం చూడకుండా పూర్తయిందని చూపించకూడదు. ఒక మెషీన్‌లో రెండుసార్లు ఆగిన ఫ్రేము ఎక్కువ మెమరీ ఉన్న మెషీన్‌కు వెళ్లాలి, అక్కడా ఆగితే మాకు మెసేజ్ రావాలి. రెండు వారాల్లో ఇది సరిచేసి, రెండర్ నడుస్తుండగా ఒక మెషీన్ ప్లగ్ పీకి మా ఎదుటే చూపించండి. అప్పటివరకు మిగిలిన బిల్లు చెల్లించలేం.

భవదీయుడు,
స్టూడియో నిర్వాహకుడు,
గాజువాక, విశాఖపట్నం