నా చెయ్యి పట్టుకున్న ముగ్గురికి

నడినెత్తి మీద రూపాయి బిళ్లంత ఖాళీ కనపడితే అందరూ పేనుకొరుకుడు అన్నారు. బెంగళూరులో నేను చూపించుకున్న స్కిన్ డాక్టర్ గారు మాత్రం భూతద్దం పెట్టి చూసి, "వెంట్రుకలు ఒక్కోటీ ఒక్కో పొడవులో తెగి ఉన్నాయి. పేనుకొరుకుడైతే ఇక్కడ నున్నగా ఉండేది. చేత్తో లాగుతున్నావా అమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. ఇలా జుట్టు పీక్కోకుండా ఉండలేకపోవడాన్ని ట్రైకోటిల్లోమేనియా అంటారని చెప్పి సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ముందుగా ఆయనకు నా నమస్కారం.

సైకాలజిస్టు మేడమ్ లాగకు అని ఒక్కసారి కూడా అనలేదు. ఏ టైములో, ఎక్కడ కూర్చుని, ఏ చేత్తో లాగుతున్నానో, దానికి ముందు ఏమనిపించిందో రాయమన్నారు. రాస్తే సంగతి బయటపడింది. ఆఫీసు పనిలో రాసిన కోడ్ బిల్డ్ అయ్యే దాకా చూస్తూ కూర్చుంటానా, కుడిచెయ్యి మౌస్ మీద ఉంటుంది, ఎడమ మోచెయ్యి టేబుల్ మీద ఆనుతుంది. వేళ్లు నెత్తి మీదికి పాకి, మొరటుగా తగిలే వెంట్రుక కోసం వెతుకుతాయి. పీకడం చివర్లో వస్తుంది, అప్పటికి ఆపడం కష్టం. అందుకని మోచెయ్యి ఆనిన ఆ క్షణాన్నే పట్టుకోమన్నారు.

పట్టుకున్నాక చేయాల్సింది చిన్న పనే. ఆ ఎడమచేతినే పక్కకు దించి, పిడికిలి బిగించి ఒక నిమిషం ఉంచాలి. కోరిక తగ్గకపోతే ఇంకో నిమిషం. మీటింగులో చేసినా ఎవరికీ తెలియదు. పీకేశాక గుర్తొచ్చినా చేయాల్సిందే. స్ట్రెస్ బాల్ కొందామనుకునేవాళ్లకు ఒక మాట: అది రెండో చేతిలో ఉంటే లాభం లేదు, పీకే చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. ఈ పద్ధతిని 1973లో అజ్రిన్, నన్ అనే అమెరికా సైకాలజిస్టులు తెచ్చారట.

పనికి కూర్చునే ముందు ఎడమ బొటనవేలికి, చూపుడువేలికి బ్యాండ్‌ఎయిడ్ చుట్టుకుంటాను. మొరటు వెంట్రుక ఏదో వేళ్లకు తెలియకపోతే వెతకాలన్న సరదా సగం పోతుంది.

కాస్త తగ్గాక మళ్లీ ఎక్కువైంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొత్తగా మొలిచేవి పొట్టిగా గుచ్చుకుంటుంటే, వేళ్లు ముందు వాటి మీదికే పోతాయి. ఇలా అవుతుందని మేడమ్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. అక్కడ కొబ్బరినూనె రాస్తే పట్టు జారిపోతోంది. మా అమ్మ తిరుపతి వెళ్లి గుండు చేయించుకోమంటుంది. మొక్కు తీరుతుందేమో గానీ, జుట్టు మొలిచాక ఈ చెయ్యి ఊరుకుంటుందా?

టెన్షన్‌గా ఉన్న రాత్రుళ్లు తెలిసి తెలిసి లాగడం మాత్రం పిడికిలికి పూర్తిగా లొంగలేదు. దానికి ఆ టెన్షన్ మీదే విడిగా పని చేయాలన్నారు మేడమ్. వచ్చే సెషన్లు దానికే.

ఇక పీజీలో మా రూమ్మేట్ అక్క. "మళ్లీ పీకుతున్నావా" అనకూడదు, "చెయ్యి" అని ఒక్క మాటే అనాలని మా ఒప్పందం. పిడికిలి బిగిస్తే "శభాష్" అంటుంది. రిలీజ్ వారంలో నేను కసురుకున్నా ఆ ఒక్క మాట దాటలేదు. అక్కా, ఈ నెల దోసెల ఖర్చు నాదే.