రెండు వేల బాకీకి తొమ్మిది వందల వడ్డీ

సంపాదకులకు నమస్కారం.

క్రెడిట్ కార్డు ప్రకటనల్లో 50 రోజుల వడ్డీ లేని గడువు గురించి పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ గడువు ఏ షరతు మీద నిలుస్తుందో మాత్రం నిబంధనల పుస్తకంలో వెతుక్కోవాలి. దాన్ని బిల్లు మొదటి పేజీలోనే ముద్రించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఒక కార్డుకు ప్రతి నెలా 15న బిల్లు తయారవుతుందని, చెల్లించడానికి ఆఖరి రోజు మరుసటి నెల 5 అని అనుకుందాం. మార్చి 16న కొన్న వస్తువు ఏప్రిల్ 15 బిల్లులో పడుతుంది, డబ్బు మే 5 లోగా కట్టాలి. అంటే 50 రోజులు. ఏప్రిల్ 14న కొన్నదీ సాధారణంగా ఆ బిల్లులోకే వస్తుంది కాబట్టి దానికి దొరికేది 21 రోజులే. బిల్లు తేదీ దాటాక కొంటే ఎక్కువ వ్యవధి దొరుకుతుందన్న సంగతి చాలామందికి తెలుసు. ఇంతవరకు ఇబ్బంది లేదు.

చిక్కంతా బిల్లు పూర్తిగా కట్టనప్పుడే. మార్చి 20న 20,000 రూపాయల వస్తువు కొన్నవారు మే 5న 18,000 కట్టి, 2,000 మిగిల్చారనుకోండి. వడ్డీ ఆ రెండు వేల మీదే, అదీ మే 5 నుంచే పడుతుందని ఎవరైనా అనుకుంటారు. చాలా కార్డుల లెక్క అలా ఉండదు. కొంత బాకీ మిగిలినా వడ్డీ లేని గడువు మొత్తంగా రద్దవుతుంది. వడ్డీ కొన్న రోజు నుంచే లెక్కకు వస్తుంది. ఏడాదికి 36 శాతం చొప్పున, మార్చి 20 నుంచి మే 5 వరకు 46 రోజులకు పూర్తి 20,000 మీద సుమారు 907 రూపాయలు, ఆపైన మే 15 బిల్లు వరకు మిగిలిన 2,000 మీద మరో 20 రూపాయలు. పన్నులు వేరు. పైగా బాకీ తీరేవరకు కొత్త కొనుగోళ్లకు ఒక్క రోజు కూడా మినహాయింపు ఉండదు. వాటి మీద కొన్ననాటి నుంచే వడ్డీ నడుస్తుంది.

'కనీసం చెల్లించవలసిన మొత్తం' అని బిల్లులో కనిపించే అంకె ఈ అపోహను మరింత పెంచుతోంది. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, వడ్డీ తప్పదు. ఆ అంకె చూసి బాధ్యత తీరిందని నిశ్చింతగా ఉండేవారిని నేను తప్పుపట్టను, ఆ బిల్లు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఏటీఎంలో నగదు తీసుకుంటే వడ్డీ లేని గడువు అసలే వర్తించదు, ఇదీ చాలా బిల్లుల్లో చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

ఆ కనీస మొత్తం పక్కనే రెండు వాక్యాలు రాయడం బ్యాంకులకు కష్టం కాదు. ఇది మాత్రమే కడితే వడ్డీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, వచ్చే బిల్లులో సుమారు ఎంత పడుతుందో. కొన్న తేదీ, మొత్తం, వడ్డీ రేటు అన్నీ వారి కంప్యూటర్లలోనే ఉన్నాయి. నియంత్రణ సంస్థలు ఈ రెండు వాక్యాలను తప్పనిసరి చేయాలి.

— ఒక పాఠకురాలు