జ్వరంతో పసిపిల్లలకు ఫిట్స్ వస్తే

మన బ్లాకు సభ్యులందరికీ నమస్కారం.

నిన్న రాత్రి మూడో అంతస్తులో ఏడాదిన్నర బాబుకు జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. కళ్లు పైకి తేలి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, సాయానికి వచ్చిన మనలోనే ఒకరు నోట్లో చెంచా పెట్టబోయారు, మరొకరు చేతిలో తాళాలు పెట్టారు. దయచేసి ఈ రెండూ చేయవద్దు. చెంచాతో పళ్లు విరగవచ్చు, ఊపిరికి అడ్డు పడవచ్చు. తాళాలతో ఏ ప్రయోజనమూ లేదు.

బిడ్డను నేలపై పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేసి, వెంటనే గడియారం చూడండి. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోవద్దు. నిన్న బాబుకు రెండు నిమిషాల్లో అదే తగ్గింది, చాలామందికి అంతే. 5 నిమిషాలకూ ఆగకపోయినా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108కు ఫోన్ చేసి, కింద గేటు తెరిపించండి.

తగ్గాక బిడ్డ మగతగా ఉంటుంది కనుక పూర్తిగా తేరుకునే వరకు నీళ్లు గానీ సిరప్ గానీ నోట్లో పోయవద్దు. మొదటిసారి వస్తే అదే రోజు వైద్యుడికి చూపించాలి. మళ్లీ వచ్చినా, మెడ బిగుసుకున్నా, గంటకూ తేరుకోకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పారాసిటమాల్ జ్వరపు బాధను తగ్గిస్తుందే కాని ఫిట్స్ రాకుండా ఆపలేదు.

పసిపిల్లలున్నవారు ఇంట్లోని పెద్దలకు కూడా ఇది ఈరోజే చదివి వినిపించగలరు.